క్లెయిమ్ ఓకే అయింది, కానీ పేరు కలవలేదని డబ్బు ఆగిపోయిందా? ఇలా చేయండి

"క్లెయిమ్ అప్రూవ్ అయిందని మెసేజ్ వచ్చింది. వారం తర్వాత పేమెంట్ రిజెక్ట్ అని ఇంకో మెసేజ్ వచ్చింది. బ్యాంకుకెళ్తే మా దగ్గరేం ప్రాబ్లం లేదంటున్నారు, ఇన్సూరెన్స్ ఆఫీసుకెళ్తే బ్యాంకునే అడగమంటున్నారు." ఇదే ప్రశ్న నన్ను మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. ఇందులో ఎక్కువ ఇబ్బంది పడేది జీవిత బీమా డెత్ క్లెయిముల్లో నామినీలు. పాలసీదారు బతికి ఉంటే పాలసీలో పేరు మార్పించుకోవచ్చు. ఆయన పోయాక నామినీకి ఆ దారి ఉండదు. అందుకే ఆ కేసునే పట్టుకుని చెప్తాను. మెచ్యూరిటీ డబ్బు ఆగినవాళ్లకు తేడా ఎక్కడ వస్తుందో మధ్యలో చెప్తాను.

ముందు ఇది తెలుసుకోండి

ఇది క్లెయిమ్ తిరస్కరణ కాదు. క్లెయిమ్‌ను ఒప్పుకున్నారు, డబ్బు పంపే దగ్గర ఆగింది. కాబట్టి కంగారుపడి మళ్లీ కొత్తగా క్లెయిమ్ పెట్టకండి. ఒకే మరణానికి రెండు ఫైళ్లు తెరుచుకుంటే రెండూ ఆగుతాయి.

డబ్బు పంపేముందు కంపెనీ మీ ఖాతాను పరీక్షిస్తుంది. చాలాచోట్ల ఒక్క రూపాయి వేస్తారు. అప్పుడు మీ బ్యాంకు కంప్యూటర్‌లో ఖాతాదారు పేరు ఎలా ఉందో అలాగే వెనక్కి వస్తుంది. దాన్ని పాలసీలోని నామినీ పేరుతో సాఫ్ట్‌వేర్ పోల్చి చూస్తుంది. ఎంత తేడాను వదిలేయాలి, ఎంత దాటితే ఆపాలి అన్నది ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. "అదే ఖాతాకు ఇంకో కంపెనీ డబ్బులేసింది కదా" అనే వాదన ఇక్కడ పనిచేయకపోవడానికి కారణం అదే. బ్యాంకువాళ్లు తమ దగ్గర ప్రాబ్లం లేదనడం కూడా చాలాసార్లు నిజమే. అసలు డబ్బు కంపెనీ గడపే దాటలేదు, బ్యాంకు దేన్ని వెనక్కి పంపుతుంది?

దగ్గర పెట్టుకోవాల్సినవి

- రిజెక్ట్ అయిందని వచ్చిన మెసేజ్ లేదా ఉత్తరం, క్లెయిమ్ నంబరు
- పాలసీ బాండు కాపీ, ముఖ్యంగా నామినీ పేరున్న పేజీ
- నామినీ ఆధార్, పాన్
- పాస్‌బుక్ మొదటి పేజీ, పేరు అచ్చు వేసి ఉన్న క్యాన్సిల్డ్ చెక్కు
- మరణ ధ్రువీకరణ పత్రం కాపీ (క్లెయిమ్‌లో ఇచ్చినా సరే, ఇంకోటి ఉంచుకోండి)

ఖాతా తెరిచినప్పుడు కిట్‌తో పాటు చేతికిచ్చే చెక్కుబుక్కు మీద పేరు ఉండదు. దాన్ని క్యాన్సిల్ చేసి ఇస్తే లాభం లేదు. బదులుగా ఫొటో ఉన్న పాస్‌బుక్ పేజీ మీద బ్రాంచి సీలు, సంతకం వేయించి ఇవ్వండి.

1. ఆగింది పేరు వల్లేనా? ఖాయం చేసుకోండి

పాస్‌బుక్ అప్‌డేట్ చేయించి, క్లెయిమ్ పెట్టిన తర్వాతి తేదీల్లో ఒక్క రూపాయి జమ అయిందేమో చూడండి. అయి ఉంటే ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ సరైనవే, ఖాతా పనిచేస్తోంది, చిక్కు పేరు దగ్గరే అని అర్థం. రూపాయి రాకపోతే మాత్రం వెంటనే ఏదీ తేల్చేయకండి. కొన్ని కంపెనీలు రూపాయి వేయకుండానే పేరు తెప్పించుకుంటున్నాయి.

మన దగ్గర ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసిపోయాయి. ఇంట్లో బీరువాలో ఉన్న పాత పాస్‌బుక్ చూసి ఫారం నింపితే, అందులో `ANDB` తోనో `SBHY` తోనో మొదలయ్యే పాత ఐఎఫ్ఎస్‌సీ పడుతుంది. అది పేరు సమస్య కాదు. కొత్త కోడ్‌తో ఫారం మళ్లీ ఇస్తే సరిపోతుంది.

రిజెక్ట్ కారణాన్ని ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో అడగండి. "పేరు కలవలేదు" అన్నది మాత్రమే కాదు, "బ్యాంకు నుంచి మీకు వచ్చిన పేరు ఏమిటి, మీ రికార్డులో ఉన్న పేరు ఏమిటి" అని అడగండి. ఈ రెండూ రాతలో ఉంటే సగం పని అయినట్టే.

2. మూడు పేర్లూ ఒకదాని కింద ఒకటి రాయండి

అక్షరం అక్షరం, ఖాళీలతో సహా, ఇంగ్లీషులో ఎలా ఉంటే అలాగే రాయండి. ఉదాహరణకు రామంతాపూర్‌లో ఉండే ఒకావిడ కేసు అనుకుందాం. పేర్లు కల్పించినవే కానీ ఈ రకం తేడా మన ఇళ్లలో చాలా మామూలు.

```
POLICY  : G LAXMI
AADHAAR : GADDAM VIJAYA LAKSHMI
BANK    : G VIJAYALAXMI
```

మనిషి ఒక్కరే. భర్త పాలసీ తీసుకున్న రోజు ఏజెంటు "మేడం పేరేంటి సార్" అని అడిగితే ఆయన ఇంట్లో పిలిచే పేరు చెప్పాడు, ఏజెంటు విన్నది విన్నట్టు రాసుకున్నాడు. బ్యాంకులో ఇంటి పేరును ఒక్క అక్షరానికి కుదించారు, రెండు మాటలను కలిపేశారు. మనవాళ్లు ఇంటి పేరు ముందు రాస్తారు, ఫారాల్లో గడులేమో మొదటి పేరు, చివరి పేరు అని ఉంటాయి. దాంతో ఒక్కో ఆఫీసులో ఒక్కో వరస తయారవుతుంది. పాతబస్తీలో అయితే `MOHD`, `MOHAMMED`, `MD` మధ్య ఇదే గొడవ.

బ్యాంకు పేరు కోసం పాస్‌బుక్‌ను నమ్మొద్దు. బ్యాంకు కంప్యూటర్‌లో ఉన్న పేరు కావాలి. దాన్ని ఇంట్లోనే చూడొచ్చు. మీ అబ్బాయో తమ్ముడో వాళ్ల నెట్ బ్యాంకింగ్‌లో నెఫ్ట్ కోసం మీ ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కొట్టి చూస్తే ఖాతాదారు పేరు కనిపిస్తుంది. 2025 ఏప్రిల్ 1 నాటికల్లా బ్యాంకులన్నీ ఈ సౌకర్యం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. యూపీఐ ఐడీ దగ్గర కనిపించే పేరును మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు, అది వేరుగా ఉండొచ్చు.

ఇలా చూసినప్పుడు మీ పేరు బదులు ఇంకెవరి పేరో వస్తే, అది జాయింట్ ఖాతా అయి ఉంటుంది. నేరుగా 4వ మెట్టుకు వెళ్లండి.

3. ఆధార్ ఎటువైపు ఉందో చూసి, రెండోవైపు సరిచేయండి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. పేరు కలవలేదనగానే పాలసీలో ఉన్నట్టుగా ఆధార్ మార్పించడానికి పరుగెత్తుతారు. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే. పైగా అది మారితే పాన్, పెన్షన్, గ్యాస్ అన్నీ కదులుతాయి. ఏజెంటు చేసిన పొరపాటు కోసం అసలు పేరు వదులుకోవడం తెలివైన పని కాదు.

*పాలసీ, ఆధార్ కలిసి, బ్యాంకు వేరుగా ఉంటే:* బ్యాంకులో సరిచేయించండి. మీ బ్రాంచిలో పేరు సవరణ దరఖాస్తు ఇచ్చి, ఆధార్, పాన్ ఒరిజినల్స్ చూపించాలి. పాన్‌లో పేరు కూడా తేడాగా ఉంటే బ్యాంకు అక్కడే ఆపేయొచ్చు, కాబట్టి వెళ్లేముందే అది చూసుకోండి.

*బ్యాంకు, ఆధార్ కలిసి, పాలసీ వేరుగా ఉంటే:* బ్యాంకును ముట్టుకోవద్దు. డెత్ క్లెయిమ్‌లో పాలసీ రికార్డును ఇప్పుడు మార్చలేరు. నామినీని పెట్టే హక్కు, మార్చే హక్కు బీమా చట్టం 39వ సెక్షన్ ప్రకారం పాలసీదారుకే ఉంటాయి. కాబట్టి "ఆ పేరు, ఈ పేరు నావే" అని కాగితాలతో రుజువు చేయాలి. అది 5వ మెట్టు. మెచ్యూరిటీ డబ్బు ఆగినవాళ్లకు మాత్రం తేలిక. పాలసీదారు మీరే కాబట్టి పేరు సవరణ దరఖాస్తు, ఆధార్ కాపీ బ్రాంచిలో ఇచ్చి, సవరించినట్టు ఎండార్స్‌మెంట్ ఉత్తరం తీసుకోండి. ఆ తర్వాతే పేమెంట్ మళ్లీ పంపమని అడగండి.

*మూడూ మూడు రకాలుగా ఉంటే,* అంటే మన రామంతాపూర్ కేసులో లాగా: ముందు బ్యాంకు పేరును ఆధార్‌కు కలపండి. అప్పుడు పాలసీ ఒక్కటే వేరుగా మిగులుతుంది. ఆ తర్వాత 5వ మెట్టు. ఈ వరస తిప్పితే, అఫిడవిట్‌లో రాసిన బ్యాంకు పేరు మళ్లీ మారిపోయి ఇంకో అఫిడవిట్ కావాల్సి వస్తుంది.

పెళ్లయ్యాక ఇంటి పేరు మారిన కేసు అయితే మ్యారేజ్ సర్టిఫికెట్ బలమైన రుజువు. పేరు పూర్తిగా మార్చుకున్నవాళ్లకు గెజిట్ కావాల్సి రావచ్చు. తెలంగాణలో దానికి చంచల్‌గూడ ప్రభుత్వ ముద్రణాలయంలో దరఖాస్తు చేసుకోవాలి. స్పెల్లింగ్ తేడాకు, ఇనిషియల్ తేడాకు గెజిట్ అవసరం సాధారణంగా రాదు. ఎవరైనా ముందే గెజిట్ అంటూ ఖర్చు పెట్టించబోతే, కంపెనీ అలా రాతపూర్వకంగా అడిగిందా అని ఒక్కసారి ఆగి చూడండి.

4. జాయింట్ ఖాతా అయితే

చాలా ఇళ్లలో ఉన్నది ఒకే ఖాతా, అందులో మొదటి పేరు భర్తది. కంపెనీకి వెనక్కి వచ్చేది మామూలుగా ఆ మొదటి పేరే. అంటే చనిపోయిన మనిషి ఖాతాకే ఆయన క్లెయిమ్ డబ్బు పంపబోయినట్టు కనిపిస్తుంది, ఆగిపోతుంది. మరణ ధ్రువపత్రం ఇచ్చి ఆయన పేరు తీయించొచ్చు. నన్నడిగితే, నామినీ ఒక్కరి పేరు మీదే కొత్త సేవింగ్స్ ఖాతా తెరవడం తేలిక.

అయితే దాన్ని ఫోన్‌లో ఆధార్ ఓటీపీతో ఐదు నిమిషాల్లో తెరవకండి. మనిషిని చూడకుండా ఓటీపీ మీద తెరిచిన ఖాతాలో, పూర్తి కేవైసీ అయ్యేదాకా లక్ష రూపాయలకు మించి నిల్వ ఉండకూడదు, ఏడాదిలో రెండు లక్షలకు మించి జమ కాకూడదు. పది లక్షల క్లెయిమ్ దాంట్లోకి ఎలా వస్తుంది? పేరు బాధ తీరి పరిమితి బాధ మొదలవుతుంది. సరైన కాగితాలు లేకుండా తెరిచిన స్మాల్ అకౌంట్లకు హద్దు ఇంకా తక్కువ, నిల్వ 50 వేలు, ఏడాది జమ లక్ష. బ్రాంచికి వెళ్లి, వేలిముద్రతోనో ఒరిజినల్స్‌తోనో పూర్తి కేవైసీ ఖాతా తెరవండి. తెరిచేటప్పుడే "పెద్ద మొత్తం రాబోతోంది, ఖాతాకు పరిమితి ఏమీ లేదు కదా" అని అడగండి.

"మా అబ్బాయి ఖాతాకు వేయమంటే సరి కదా" అనేవాళ్లకు సమాధానం: కుదరదు. నామినీ ఎవరో వాళ్ల ఖాతాకే వేస్తారు. అబ్బాయి చెక్కు జతచేస్తే పేరు ఇంకాస్త దూరమై మరో రిజెక్షన్ వస్తుంది.

5. రుజువు కాగితాలు తయారుచేయండి

రెండు కాగితాలు కావాలి. ఒకటి బ్యాంకు నుంచి, ఒకటి మీ నుంచి.

బ్యాంకు ఉత్తరం లెటర్‌హెడ్ మీద ఉండాలి. అందులో ఖాతాదారు పూర్తి పేరు, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ, ఖాతా ఒక్కరిదా జాయింటా అన్నది, ఖాతా వాడుకలో ఉందన్న మాట రాయించండి. మీ ఫొటో అతికించి, దాని మీద సగం పడేలా సీలు వేయించండి. మేనేజరు సంతకం కింద పేరు, ఉద్యోగి నంబరు ఉండాలి. ఇవి లేని ఉత్తరాలు తిరిగొస్తుంటాయి. డబ్బు ఏ ఖాతాకు వేయాలో రాసివ్వడానికి కంపెనీ ఇచ్చే నెఫ్ట్ మాండేట్ ఫారంలోనే బ్యాంకు ధ్రువీకరణ గడి ఉంటే, అదే నింపించినా చాలు.

మీ కాగితం అఫిడవిట్. 100 రూపాయల నాన్-జ్యుడీషియల్ స్టాంపు పేపర్ మీద రాయించి నోటరీ చేయిస్తారు. నాంపల్లి కోర్టు చుట్టుపక్కల టైపు చేసి సిద్ధంగా ఉంచిన నమూనాలు దొరుకుతాయి. వాటిలో సాధారణంగా రెండు పేర్లకే చోటు ఉంటుంది, పాలసీ నంబరుకు చోటే ఉండదు. మీ మాటలు మీరే రాసుకుని వెళ్లండి. సారాంశం ఇలా ఉండాలి:

> నేను, గద్దం విజయలక్ష్మి, భర్త కీ.శే. ______, వయసు ___, నివాసం ______, ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను. నా భర్త తీసుకున్న పాలసీ నంబరు ______ లో నామినీగా నమోదైన G LAXMI, నా ఆధార్‌లోనూ ఖాతా నంబరు ______ లోనూ ఉన్న GADDAM VIJAYA LAKSHMI, అదే ఖాతాలో ఇంతకు ముందు ఉన్న G VIJAYALAXMI ఒకే వ్యక్తివి, అవి నా పేర్లే. క్లెయిమ్ నంబరు ______ కింద రావలసిన మొత్తాన్ని పై ఖాతాకు జమ చేయవలసిందిగా కోరుతున్నాను.

బ్యాంకులో మార్పించిన పాత పేరు కూడా ఎందుకంటే, కంపెనీ ఫైలులో మీరు మొదట ఇచ్చిన చెక్కు ఆ పేరుతోనే ఉంది. దాన్ని వదిలేస్తే "ఈ మూడోపేరు ఎవరిది" అని మళ్లీ ఉత్తరం వస్తుంది. క్లెయిమ్ చూసేది వేరే ఊళ్లోని ఆఫీసు అయితే ఇదే విషయాన్ని ఇంగ్లీషులో టైపు చేయించండి. సంతకం ఆధార్, బ్యాంకుల్లో ఉన్న పద్ధతిలోనే చేయండి. వేలిముద్ర వేసేవాళ్లయితే ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి.

పాలసీలో ఉన్నది పూర్తిగా ముద్దుపేరు అయితే (ఆధార్‌లో సత్యవతి, పాలసీలో చిట్టెమ్మ అనుకోండి) ఒక్క అఫిడవిట్ చాలకపోవచ్చు. ఆ పేరు కనిపించే పాత కాగితం ఏదైనా వెతకండి. పాత రేషన్ కార్డు, ఓటరు కార్డు, పిల్లల పదో తరగతి మెమోలో తల్లి పేరు, భర్త ఉద్యోగ రికార్డులో కుటుంబ వివరాలు, ఏదైనా సరే. భార్యాభర్తల సంబంధం చూపే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు మీసేవలో దరఖాస్తు చేయొచ్చు. పాలసీలో నామినీ పుట్టినతేదీ, సంబంధం రాసి ఉంటే అవి ఆధార్‌తో కలుస్తున్నాయని ఉత్తరంలో ఎత్తిచూపండి. పేరు కంటే ఒక్కోసారి అదే గట్టిగా నిలబడుతుంది.

6. ఇవ్వడానికి ముందు ఒక్కసారి సరిచూడండి

బ్యాంకులో పేరు మార్పించి ఉంటే, 2వ మెట్టులో చెప్పినట్టు ఇంకొకరి నెట్ బ్యాంకింగ్‌లో ఖాతా నంబరు కొట్టి కొత్త పేరు వస్తోందో లేదో చూడండి. కొన్ని బ్యాంకుల్లో కస్టమర్ ఐడీ దగ్గర పేరు మారుతుంది కానీ ఖాతా దగ్గర పాతదే ఉండిపోతుంది. కౌంటర్లో "అయిపోయిందండీ" అంటారు, ఆధార్ పేరే స్క్రీన్ మీద చూపిస్తారు కూడా. బయటికి వెళ్లేది మాత్రం పాత పేరు. పాత పేరే కనిపిస్తుంటే బ్రాంచికి వెళ్లి "కస్టమర్ పేరు మారింది, అకౌంట్ పేరు మారలేదు" అని ఇదే మాటల్లో చెప్పండి.

7. ఇచ్చి, రసీదు తీసుకోండి

అన్నీ ఒక కవరింగ్ లెటర్‌తో కంపెనీ బ్రాంచిలో ఇవ్వండి. కొత్త నెఫ్ట్ మాండేట్ ఫారం, కొత్త పాస్‌బుక్ పేజీ లేదా చెక్కు, బ్యాంకు ఉత్తరం, అఫిడవిట్, ఆధార్, పాన్ కాపీలు జతచేయాలి. లెటర్‌లో అడగాల్సింది ఒక్కటే: "క్లెయిమ్ నంబరు ఫలానా, ఇప్పటికే ఆమోదించారు. పాత బ్యాంకు వివరాల బదులు ఇవి తీసుకుని పేమెంట్ మళ్లీ పంపండి." మీ కాపీ మీద తేదీతో సీలు వేయించుకోండి. అదే సెట్ స్కాన్ చేసి కంపెనీ క్లెయిమ్స్ మెయిల్‌కు కూడా పంపండి. అఫిడవిట్ ఒరిజినల్ ఇచ్చేముందు కాపీ ఉంచుకోవడం మర్చిపోవద్దు.

పేమెంట్ పంపామని చెప్తే యూటీఆర్ నంబరు, అంటే డబ్బు బదిలీకి పడే గుర్తింపు నంబరు అడగండి. ఆ నంబరు ఉంటేనే డబ్బు నిజంగా బయల్దేరినట్టు. యూటీఆర్ ఇచ్చాక కూడా డబ్బు కనిపించకపోతే ఇక వెళ్లాల్సింది బ్యాంకుకి. "ప్రాసెస్‌లో ఉంది" అన్న మాట మీద మాత్రం బ్యాంకు చుట్టూ తిరగకండి. డబ్బు పడ్డాక మొత్తం సరిపోయిందో చూసుకోండి. కాగితాలన్నీ అందాక కూడా కంపెనీయే ఆలస్యం చేసి ఉంటే, చివరి కాగితం అందిన రోజు నుంచి రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటు మీద 2 శాతం కలిపి వడ్డీ అడిగే హక్కు మీకుంది. సీలు వేయించుకున్న తేదీ అప్పుడు పనికొస్తుంది.

8. అయినా కదలకపోతే

ముందు కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాతపూర్వక ఫిర్యాదు. రెండు వారాల్లో తేలకపోతే బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్ `bimabharosa.irdai.gov.in`లో నమోదు చేయండి, లేదా 155255కు ఫోన్ చేయండి. ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం మన నానక్‌రామ్‌గూడలోనే ఉంది కదా అని నేరుగా ఫైలు పట్టుకుని వెళ్లేవాళ్లున్నారు. అక్కడ మీ పేరు తేడా మీద తీర్పు ఇవ్వరు, ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు చెప్పిస్తారు. ఆ పని పోర్టల్‌లోనే అవుతుంది.

ఈ మధ్య "మీ క్లెయిమ్‌లో పేరు తేడా ఉంది, జీఎస్టీ కడితే రిలీజ్ చేస్తాం" అని ఫోన్లు వస్తున్నాయి. పేరు సరిచేసి డబ్బు వేయడానికి కంపెనీ గానీ ఐఆర్‌డీఏఐ గానీ ఏ రుసుమూ అడగదు. అలాంటి ఫోన్ వస్తే పెట్టేయండి.

తీర్పు చెప్పగలిగింది ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. తెలంగాణకు సంబంధించిన కార్యాలయం లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో, మొయిన్ కోర్టు భవనంలో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నెల గడిచినా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు నచ్చకపోతే వెళ్లొచ్చు. కంపెనీ కాదన్న తేదీ నుంచి ఏడాదిలోపు వెళ్లాలి. ఫిర్యాదుతో పాటు మూడు పేర్లూ రాసుకున్న ఆ చిన్న కాగితాన్ని, సీలు ఉన్న రసీదును పైన పెట్టండి. కేసు ఏమిటో చదివేవాళ్లకు మొదటి పేజీలోనే అర్థమవుతుంది.